బ్లాక్ కంటే ముందు ఒక స్క్రీన్‌షాట్

తెలియని నంబర్ నుంచి పిచ్చి కాల్స్ వస్తున్నాయని మన క్లాస్‌లో ఎవరితోనైనా చెప్పి చూడండి. సలహా ఒక్కటే వస్తుంది: "బ్లాక్ కొట్టెయ్." ఇంట్లో చెప్తే ఇంకోటి వస్తుంది: "సిమ్ మార్చుకో బిడ్డా, మనకెందుకు లొల్లి." రెండూ మన మీద ప్రేమతో చెప్పేవే, కాదనను. కానీ రెండింట్లోనూ వరుస తప్పు. బ్లాక్ చేయాల్సిందే, కానీ చివర్లో. దాని కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది చేయకుండా బ్లాక్ నొక్కితే మన చేతిలో ఉన్న సాక్ష్యాన్ని చాలాసార్లు మనమే చెరిపేసుకుంటాం.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా హాస్టల్‌లో ఒక అక్కకి పోయిన ఏడాది ఇదే జరిగింది. ఆమెది ఆదిలాబాద్ వైపు ఊరు, చదువు ఇక్కడ కరీంనగర్‌లో. పేరు, బ్రాంచ్ రాయను, ఆమె అనుమతి మేరకే ఇంతవరకు రాస్తున్నా. జనవరిలో ఒక నంబర్ నుంచి రాత్రిపూట కాల్స్ మొదలయ్యాయి. నాలుగు రోజులు కట్ చేసింది, ఐదో రోజు బ్లాక్ చేసి కాల్ లాగ్ మొత్తం డిలీట్ చేసింది. ఆ నంబర్ చూస్తేనే చిరాకు అని. వారం తిరక్కముందే ఇంకో నంబర్ నుంచి అదే గొంతు. ఈసారి ఆమె ఒక పాత ల్యాబ్ రికార్డ్ వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టింది. తర్వాత పనికొచ్చింది ఆ పేజీలే.

అవి ఎందుకు పనికొచ్చాయో అర్థం కావాలంటే, కాల్ వచ్చినప్పుడు దాని గుర్తులు ఎక్కడెక్కడ మిగులుతాయో చూడాలి.

ఒకటి టెలికాం కంపెనీ దగ్గర. కాల్ డీటెయిల్ రికార్డ్, పోలీసుల భాషలో సీడీఆర్. ఏ నంబర్ నుంచి ఏ నంబర్‌కి, ఎన్ని గంటలకు, ఎన్ని సెకన్లు, ఏ టవర్ కింద అన్నది అందులో ఉంటుంది. 2021 డిసెంబర్‌లో లైసెన్స్ నిబంధన మార్చాక కంపెనీలు దీన్ని కనీసం రెండేళ్లు దాచాలి, అంతకుముందు ఏడాదే. మనం అడిగితే అవతలి వాడి సీడీఆర్ ఇవ్వరు, పోలీసులు రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోవాలి. అయితే సీడీఆర్‌లో లేనిది ఒకటుంది: వాడు ఏం మాట్లాడాడు అన్నది. "హలో" అని పెట్టేసినా, చంపేస్తా అన్నా అక్కడ కనిపించేది సెకన్ల లెక్కే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రికార్డ్ పుట్టిందే బిల్లు కోసం. మనం ఎత్తని కాల్‌కి బిల్లు లేదు కాబట్టి, రాత్రికి నలభై మిస్డ్ కాల్స్ వస్తే ఆ నలభై కంపెనీ రికార్డులో ఉంటాయని నమ్ముకోవద్దు. వాటికి మన ఫోన్‌లోని లాగే సాక్ష్యం.

రెండోది ఆ లాగ్. ఇది ఎప్పటికీ ఉండేది కాదు. ఆండ్రాయిడ్ అసలు కోడ్‌లో కాల్ లాగ్‌కి 500 ఎంట్రీల దగ్గర కోత ఉంది, కొత్తది వస్తే అన్నిటికంటే పాతది పోతుంది. క్లాస్ గ్రూప్ వాళ్లు, స్విగ్గీ వాళ్లు, ఇంటి వాళ్లు అందరూ కలిసి ఐదొందలు నింపడానికి మనకి రెండు నెలలు కూడా పట్టదు. ఫోన్ రీసెట్ చేసినా, మార్చినా అంతే.

మూడోది మన నోట్స్. డీబీఎంఎస్ చదివిన వాళ్లకి ఒక్క మాటలో చెప్తా: ఇది రెండు టేబుల్స్ మీద జాయిన్. కంపెనీ టేబుల్‌లో నంబర్, టైమ్, టవర్ ఉన్నాయి. మన టేబుల్‌లో టైమ్, వాడన్న మాట, అప్పుడు మనం ఎక్కడున్నామో ఉన్నాయి. రెండిటినీ కలిపే కీ తేదీ, సమయం. మన దగ్గర "ఫిబ్రవరిలో ఒకసారి, సాయంత్రం" అని ఉంటే జాయిన్ కుదరదు.

అక్క రాసుకున్న పేజీలోంచి మూడు ఎంట్రీలు, ఆమె మాటల్లోనే (నంబర్ తీసేశాను):

"11 ఫిబ్రవరి 2025, మంగళవారం. రాత్రి 11:42. చివర 17 నంబర్. ఎత్తాను. 38 సెకన్లు. 'ఎందుకు కట్ చేస్తున్నవ్, నీ హాస్టల్ నాకు తెల్సు' అన్నడు. నేను 'కాల్ చేయొద్దు' అని పెట్టేసిన. పక్కన రూమ్మేట్ ఉంది, విన్నది."

"12 ఫిబ్రవరి, బుధవారం. రాత్రి 12:05 నుంచి 12:50 వరకు అదే నంబర్, 14 మిస్డ్ కాల్స్. ఎత్తలేదు. స్క్రీన్‌షాట్లు రెండు."

"16 ఫిబ్రవరి, ఆదివారం. సాయంత్రం 5:20కి కరీంనగర్ బస్టాండ్‌లో దిగిన. 5:31కి కాల్, 12 సెకన్లు. 'ఎర్ర బ్యాగు బరువున్నట్టుంది' అన్నడు. నా బ్యాగ్ ఎర్రదే."

మూడో ఎంట్రీ చదివితే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మొదటి రెండూ వేధింపు. మూడోది వచ్చేసరికి వాడు కళ్లతో చూస్తున్నాడు. అలాంటి మాట వినపడిన క్షణం నోట్స్ రాయడం తర్వాత సంగతి. జనం ఉన్న చోటికి వెళ్లి 100కో 112కో కాల్ చేయాలి. ఆమె అదే చేసింది, ఎంక్వైరీ కౌంటర్ దగ్గర నిలబడి. రాసింది హాస్టల్‌కి చేరాక, అదే రాత్రి.

అదే రాత్రి రాయడం అన్నది చిన్న విషయం కాదు. సాక్ష్యం చెప్పేటప్పుడు, సంఘటన జరిగిన వెంటనే తాను రాసుకున్న కాగితం చూసి జ్ఞాపకం తెచ్చుకోవడానికి సాక్షికి మన సాక్ష్య చట్టం అవకాశం ఇస్తుంది. జ్ఞాపకం తాజాగా ఉండగా రాసినదై ఉండాలి. కేసు పెట్టే ముందు రోజు కూర్చుని రెండు నెలలదీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాస్తే అది చూసినోళ్లకి తెలిసిపోతుంది. అందుకే పేజీల మధ్య ఖాళీ వదలొద్దు, తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా ఒక గీత కొట్టి పక్కన రాయండి. వాడన్న బూతుని మనం మర్యాదగా మార్చి రాయకూడదు. "అసభ్యంగా మాట్లాడాడు" అన్నది మన అభిప్రాయం, వాడన్న మాట సాక్ష్యం. రాయడానికి చెయ్యి రాదు, నిజమే. కానీ రాయాలి.

ఆ మొదటి ఎంట్రీలో ఇంకో విషయం ఉంది, ఆమెకి తెలిసి చేసిందో తెలియక చేసిందో గానీ. "కాల్ చేయొద్దు" అని ఒకసారి స్పష్టంగా చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో స్టాకింగ్ 78వ సెక్షన్ కిందికి వస్తుంది, పాత ఐపీసీలో 354డి. తనకి ఇష్టం లేదని అమ్మాయి స్పష్టంగా తెలిపాక కూడా పదే పదే కాంటాక్ట్ చేయడం అన్నది ఆ సెక్షన్‌లో ముఖ్యమైన మాట. కాబట్టి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వీలైతే మెసేజ్ రూపంలో చెప్పడం మంచిది: "నాకు కాల్స్, మెసేజ్‌లు చేయవద్దు. మళ్లీ చేస్తే పోలీసులకు ఫిర్యాదు చేస్తాను." అంతే. తర్వాత వాడేం పంపినా జవాబు లేదు. తిట్టినా, బతిమాలినా అది వాడికి మాట కలిపే సందు. (ఈ సెక్షన్ మగవాడు ఆడవాళ్లని వేధించడం గురించే రాసి ఉంది. అబ్బాయిలకి బెదిరింపు కాల్స్ వస్తే నేరపూరిత బెదిరింపు సెక్షన్ 351 ఉంది. నోట్స్ రాసే పద్ధతి ఇద్దరికీ ఒక్కటే.)

అన్నలకి, బాయ్‌ఫ్రెండ్‌లకి ఒక మాట. "నంబర్ ఇటియ్యి, నేను మాట్లాడతా" అని మీరు కాల్ చేసి తిట్టే తిట్లు వాడి ఫోన్‌లో రికార్డ్ అవుతాయి. అప్పుడు స్టేషన్‌లో రెండు ఫిర్యాదులు ఉంటాయి. ట్రూకాలర్‌లో వచ్చిన పేరు స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టడం ఇంకా ఘోరం. ఆ పేరు ఎవరో తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నది కావచ్చు, ఆ సిమ్ ఇప్పుడు వేరే మనిషి చేతిలో ఉండొచ్చు.

ఇక వాట్సాప్. మనవాళ్లలో ఎక్కువ మంది సాక్ష్యం పోగొట్టుకునేది ఇక్కడే. అక్కడ Report నొక్కితే వాడు పంపిన చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్ కంపెనీకి వెళ్తాయి, వాడికి నోటిఫికేషన్ వెళ్లదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ రిపోర్ట్, బ్లాక్ బాక్స్‌లో చాట్‌ని కూడా డిలీట్ చేసే ఆప్షన్ కలిసి వస్తుంది. చదవకుండా ఓకే కొడితే మన వైపు చాట్ పోతుంది. ఆ ఐదు మెసేజ్‌లు కంపెనీ చూసుకుని అకౌంట్ నిలిపేస్తుందేమో గానీ, కరీంనగర్ స్టేషన్‌కి తెచ్చి ఇవ్వదు. అందుకే రిపోర్ట్ కంటే ముందు చాట్ ఓపెన్ చేసి మూడు చుక్కలు, More, Export chat. ఫొటోలు, వాయిస్ నోట్స్ ఉంటే మీడియాతో కలిపి మన మెయిల్‌కే పంపుకోవాలి. ఆ మెయిల్ మీద పడే తేదీ మనం పెట్టింది కాదు కాబట్టి దానికో విలువ ఉంది. తర్వాత స్క్రీన్‌షాట్లు: పైన పేరు కాకుండా పూర్తి నంబర్ కనపడాలి, తేదీ గీత కనపడాలి, క్రాప్ చేయొద్దు, వాడి మాటల మీద ఎర్ర గుండ్రాలు గీయొద్దు. వాడు Delete for everyone నొక్కడానికి రెండు రోజుల పైనే టైమ్ ఉంటుంది, కాబట్టి రాగానే తీయాలి. ఒక్కసారే కనపడే ఫొటో పంపితే స్క్రీన్‌షాట్ పడదు. అది తెరిచేటప్పుడు పక్కన రూమ్మేట్ ఫోన్‌తో ఫొటో తీయించాలి.

అందరూ చేసే పని ఇంకోటి: గుర్తుండాలని ఆ నంబర్‌ని "సైకో 1" అని సేవ్ చేస్తారు. వాట్సాప్‌లో మన డీపీ, స్టేటస్, లాస్ట్ సీన్ My contacts కి మాత్రమే అని పెట్టుకుని ఉంటే, సేవ్ చేసిన క్షణమే వాడు మన కాంటాక్ట్ అయిపోయాడు. తలుపు తీసి పిలిచినట్టే. సేవ్ చేయకుండా నంబర్‌ని కాగితం మీద రాసుకోండి. సేవ్ చేయకపోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. వాట్సాప్‌లో Privacy, Calls కింద Silence unknown callers ఆన్ చేస్తే అలాంటి కాల్ మోగదు, కానీ కాల్స్ లిస్టులో తేదీతో పాటు కనిపిస్తుంది. మన నిద్ర చెడదు, రికార్డూ పోదు. బ్లాక్ కంటే ఫిర్యాదు వరకు నాకు ఇదే నచ్చుతుంది. వాట్సాప్ కాల్స్ మామూలు కాల్స్‌లా సీడీఆర్‌లో నంబర్‌తో పడవు, అందుకే ఆ లిస్టు స్క్రీన్‌షాట్‌కి విలువ ఎక్కువ.

మామూలు కాల్స్‌కి ఫోన్ బట్టి తేడా. కొన్ని ఫోన్లలో బ్లాక్ చేసిన నంబర్ నుంచి వచ్చిన ప్రయత్నాలు లాగ్‌లో కనపడతాయి, కొన్నింట్లో అసలు కనపడవు. రూమ్మేట్ నంబర్‌ని బ్లాక్ చేసి, ఒకసారి కాల్ చేయమని చూడండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కనపడకపోతే ఫిర్యాదు ఇచ్చే వరకు సైలెంట్‌లో పెట్టి, ఫిర్యాదు తీసుకున్న వాళ్లని అడిగి బ్లాక్ చేయండి. అయినా ఒక మాట. రోజూ ఏడుపొస్తుంటే, పరీక్షలు పోతుంటే, ఉన్నవాటికి స్క్రీన్‌షాట్లు తీసుకుని ఈ రోజే బ్లాక్ చేసేయండి. ఇప్పటిదాకా పోగైన సాక్ష్యం దానివల్ల పోదు. ఇంకా సాక్ష్యం కావాలని ఎవరూ భరిస్తూ కూర్చోనక్కర్లేదు.

రికార్డింగ్ గురించి అందరూ అడుగుతారు. గూగుల్ ఫోన్ యాప్‌లో రికార్డ్ నొక్కితే అవతలి వాడికి రికార్డ్ అవుతోందని గొంతు వినిపిస్తుంది, వాడు వెంటనే పెట్టేస్తాడు. స్పీకర్ ఆన్ చేసి పక్క ఫోన్‌లో రికార్డ్ చేయడం సులువు. ఆ ఫైల్ పేరు మార్చొద్దు, కట్ చేయొద్దు, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి ఆ కాపీని ఒరిజినల్ అనుకోవద్దు. ఇక్కడ మన బ్రాంచ్ వాళ్లకి పని తగిలింది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ కాపీకి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ఫారంలో ఫైల్ హ్యాష్ రాసే గడి ఉంది. నెట్‌వర్క్ సెక్యూరిటీ ల్యాబ్‌లో మార్కుల కోసం చేసిందే ఇది:

```
sha256sum call_16feb.m4a
```

విండోస్‌లో అయితే పవర్‌షెల్ తెరిచి:

```
Get-FileHash call_16feb.m4a
```

వచ్చిన అరవై నాలుగు అక్షరాలని ఆ రోజు ఎంట్రీ పక్కన రాసుకుంటే, తర్వాత ఆ ఫైల్‌ని ఎవరూ ముట్టలేదని చూపించడం తేలిక. అసలు సర్టిఫికెట్ గొడవ ఎప్పుడు వస్తుందంటే, ఒరిజినల్ ఫోన్ కాకుండా పెన్‌డ్రైవో ప్రింటో ఇచ్చినప్పుడు. 2020 జులైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది: ఒరిజినల్ పరికరాన్నే కోర్టు ముందు పెడితే సర్టిఫికెట్ అక్కర్లేదు, కాపీ ఇస్తే తప్పనిసరి. అంటే ఆ ఫోన్‌ని ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో ఇచ్చేయొద్దని అర్థం.

ఒక పాత కేసు చెప్తా. 2004లో చెన్నైలో ఒక మహిళకి ఉన్నట్టుండి తెలియని మగవాళ్ల నుంచి వరుసగా ఫోన్లు. ఎవరో ఆమె గురించి యాహూ గ్రూపుల్లో అసభ్యంగా రాసి ఫోన్ నంబర్ పెట్టారు. ఆమె ఎంతమందినని బ్లాక్ చేస్తుంది? ఆ రోజుల్లో ఆ బటనే లేదనుకోండి. ఫిబ్రవరిలో ఫిర్యాదు ఇచ్చింది, పోలీసులు ఆ పోస్టులు ఎక్కడి నుంచి వచ్చాయో పట్టుకుంటూ ముంబైలో ఉన్న సుహాస్ కట్టి దాకా వెళ్లారు. ఆమెని పెళ్లి చేసుకోవాలనుకున్న పరిచయస్తుడే. సర్టిఫై చేసిన ప్రింటవుట్లు, సైబర్ కేఫ్ వాళ్ల సాక్ష్యం కలిసి, అదే ఏడాది నవంబర్ 5న శిక్ష పడింది. ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద దేశంలో మొదటి శిక్షల్లో అది ఒకటి. ఫోన్ చేసిన వాళ్లు వేరు, చేయించిన వాడు వేరు. ఒక్కో నంబర్ బ్లాక్ చేస్తూ పోతే వాడి దాకా ఎప్పటికీ చేరేవాళ్లు కాదు.

సరే, రిపోర్ట్ ఎవరికి? ట్రూకాలర్‌లో, ఫోన్ యాప్‌లో స్పామ్ అని కొడితే అది ఆ కంపెనీకి చెప్పడం. 1909 అమ్మకాల కాల్స్ కోసం. 1930 డబ్బులు పోయినప్పుడు. మెసేజ్‌లు, ఫొటోలు, ఫేక్ అకౌంట్లు ఉంటే cybercrime.gov.in ఉంది. మనిషిని పట్టుకోవాలంటే మాత్రం పోలీసులే. మన దగ్గర షీ టీమ్స్ ఉన్నాయి: 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో మొదలై, 2015 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం మొత్తానికి వచ్చాయి. కరీంనగర్‌లో కమిషనరేట్ కింద, ఆదిలాబాద్‌లో ఎస్పీ కింద పని చేస్తాయి. అక్కకి వచ్చిన మొదటి డౌట్, "నా ఆధార్ ఆదిలాబాద్, హాస్టల్ కరీంనగర్, వాడెక్కడున్నడో తెల్వదు, ఏ స్టేషన్‌కి పోవాలె?" ఏ స్టేషన్‌కైనా పోవచ్చు. కొత్త బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్‌లో నేరం ఎక్కడ జరిగిందన్నదానితో సంబంధం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని రాసే ఉంది, జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అదే. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, కానీ మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. చాలామంది పంపేసి ఊరుకుంటారు.

ఆమె ఒక పేజీ ఫిర్యాదు రాసి, వెనక ఎంట్రీల జిరాక్స్ కట్టింది. స్టేషన్‌లో మేడమ్ అన్నిటికంటే ఎక్కువ సేపు చూసింది ఆ ఎర్ర బ్యాగ్ ఎంట్రీనే. 5:31కి వాడి ఫోన్ ఏ టవర్ కింద ఉందో సీడీఆర్ చెప్తుంది కదా. టవర్ అంటే ఒక ఏరియా, అంతే, మనిషి నిలబడ్డ చోటు కాదు. పైగా సిమ్ ఒక ముసలామె పేరు మీద ఉందని తేలింది. కానీ టైమ్ నిమిషంతో సహా ఉంది కాబట్టి బస్టాండ్ సీసీటీవీలో ఎక్కడ వెతకాలో తెలిసింది. ఇంకో నెల ఆగి ఉంటే ఆ ఫుటేజ్ ఉండేదని నేననుకోను. దొరికిన వాడు వాళ్ల ఊరి దగ్గర ఆమె ఎప్పుడూ రీచార్జ్ చేయించుకునే షాపులో కూర్చునే అబ్బాయి. జనవరి నంబర్ కూడా వాడిదేనని ఆమె చెప్పింది గానీ, ఆ నంబర్ ఏంటో ఆమెకి గుర్తు లేదు.

తర్వాత వచ్చిన ప్రశ్న: కౌన్సెలింగా, ఎఫ్ఐఆరా? చిన్న కేసుల్లో అబ్బాయి తల్లిదండ్రులని పిలిపించి కౌన్సెలింగ్ ఇవ్వడం షీ టీమ్స్ పద్ధతి. నేను దానికి వ్యతిరేకం కాదు, చాలామంది అక్కడితో ఆగుతారు. కానీ 78వ సెక్షన్‌లో మొదటిసారి శిక్ష మూడేళ్ల వరకు, బెయిల్ వచ్చే నేరం. మళ్లీ చేసి శిక్ష పడితే ఐదేళ్ల వరకు, బెయిల్ హక్కుగా రాదు. మొదటిది ఎక్కడా నమోదు కాకపోతే రెండోది కూడా మొదటిదే అవుతుంది. అందుకే కౌన్సెలింగ్‌కి ఒప్పుకున్నా ఫిర్యాదు అందినట్టు రశీదు, తేదీ, తీసుకున్న వాళ్ల హోదా అడిగి తీసుకోవాలన్నది నా వాదన. చూసేదాకా వెంటపడ్డవాడి విషయంలో అయితే ఎఫ్ఐఆరే.

ఆమె ఎఫ్ఐఆర్ అంది. దానికి ఖర్చు ఉంది, అది కూడా చెప్పాలి. ఫోన్‌ని పంచనామా రాసి తీసుకున్నారు. అదే ఫోన్‌లో యూపీఐ, అదే ఫోన్‌లో ఫొటోలన్నీ. ఇచ్చే ముందు సిమ్ తీసుకోనిచ్చారు, బ్యాకప్ ముందే చేసుకుంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు తమ్ముడి పాత ఫోన్ వాడుతోంది, స్క్రీన్ మీద పగులు ఉంది. కేసు నడుస్తోంది, ఇంకా వాయిదా రాలేదు.